లోగో నమూనా: అందరిలో ఒకటా, పక్కవారి గుర్తుకు నకలా?

ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఒక కుటుంబం పార్సిల్ వ్యాపారం మొదలుపెడుతోందని అనుకుందాం. ఇంతకాలం ఇంటి ముందు బల్ల మీద అమ్మిన సరుకు ఇకపై అట్టపెట్టెల్లో హైదరాబాదుకూ బెంగళూరుకూ వెళ్లాలి. పెట్టె మీద ఒక గుర్తు కావాలి. అమలాపురంలోనో రాజమహేంద్రవరంలోనో ఉన్న డిజైనర్ మూడు తొలి నమూనాలు గీసి పంపాడు. వాటిని చూసినవాళ్లు సాధారణంగా రెండు మాటల్లో ఒకటి అంటారు. "ఇది అందరివాటిలాగే ఉంది" అన్నది ఒకటి. "ఇది ఫలానావారి గుర్తులా ఉంది" అన్నది రెండోది.

ఈ రెండూ ఒకే అసంతృప్తికి రెండు రూపాలని చాలామంది భావిస్తారు. డిజైనర్ కూడా రెండింటికీ ఒకే మందు వేస్తాడు. రంగు మారుస్తాడు, గీత మందం పెంచుతాడు, చుట్టూ ఒక చట్రం గీస్తాడు. కానీ ఇవి వేర్వేరు లోపాలు. గుర్తు సాధారణంగా ఉందా లేదా అన్నది మొత్తం ఆ వ్యాపారంతో పోల్చి తేల్చాల్సిన విషయం. అలాంటి గుర్తు వల్ల ఎవరికీ కోపం రాదు, మీ మీద ఎవరూ కేసు వేయరు. కాకపోతే కొన్నవాడికి ఆ పెట్టె ఎవరిదో గుర్తుండదు, రేపు ఎవరైనా అలాంటిదే పెట్టుకుంటే ఆపే హక్కూ మీకుండదు. పోలిక ఎక్కువగా ఉందా అన్నది మాత్రం ఒక్కొక్క పోటీదారుడి గుర్తుతో విడివిడిగా తూచాల్సిన విషయం. అక్కడ తప్పితే నోటీసు వస్తుంది, అచ్చు వేయించిన పెట్టెలన్నీ పక్కన పడేయాల్సి వస్తుంది. పైగా ఒకే నమూనాలో రెండు లోపాలూ కలిసి ఉండవచ్చు. ఒకదాన్ని సరిదిద్దబోయి రెండోదానిలో పడటం మరీ సులువు.

మన ఊహలోని మూడు నమూనాలు ఇవి. మొదటిది గుండ్రని చట్రంలో ఉదయిస్తున్న సగం సూర్యుడు, ఒక పక్కకు వంగిన కొబ్బరిచెట్టు, కింద మూడు అలలు. రెండోది బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డను లాగుతున్న స్త్రీ. మూడోది చుట్టిన పూతరేకును చివరివైపు నుంచి చూస్తే కనిపించే పొరల సుడి. ఈ మూడింటినీ పరీక్షకు పెడదాం.

చట్టం ఈ విషయంలో రెండు వైపులా లాగుతుంది. ఆ లాగుడు అర్థమైతే మిగతాదంతా తేలిక. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టంలో 9వ సెక్షన్ ప్రకారం, ఇతరుల సరుకు నుంచి వేరుగా గుర్తించడానికి పనికిరాని గుర్తులను నమోదు చేయరు. సరుకు రకాన్నో, నాణ్యతనో, పుట్టిన చోటునో మాత్రమే చెప్పే గుర్తులకూ, ఆ వ్యాపారంలో అందరూ వాడుకలో పెట్టుకున్న గుర్తులకూ అదే గతి. 17వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. మొత్తం గుర్తు నమోదైనా, అందులో ఆ వ్యాపారానికంతా ఉమ్మడిగా ఉన్న భాగం మీద యజమానికి ప్రత్యేక హక్కు రాదు. అంటే కొబ్బరిచెట్టున్న లోగోను రిజిస్టర్ చేయించుకున్నవారు కోనసీమలో ఇంకెవరూ కొబ్బరిచెట్టు గీయకూడదని అనలేరు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు కూడా ఈ దారిలోనిదే. 'బ్లెండర్స్ ప్రైడ్' విస్కీ కంపెనీ, 'లండన్ ప్రైడ్' అన్న పేరును అడ్డుకోమని కోరింది. మద్యం వ్యాపారంలో 'ప్రైడ్' అన్నది పొగడ్తగా చాలామంది వాడే మాట కాబట్టి అది ఒక్కటే కలిసినంత మాత్రాన మోసపూరితమైన పోలిక ఉన్నట్టు కాదని, గుర్తును మొత్తంగా చూడాలని కోర్టు చెప్పింది.

ఇంతవరకు చదివితే, ఉమ్మడి వస్తువులతో గీసినంతకాలం భయం లేదనిపిస్తుంది. 1972లో సుప్రీంకోర్టు ఇచ్చిన మరో తీర్పు ఆ ధైర్యాన్ని పోగొడుతుంది. అది పార్లే కంపెనీకీ మైసూరుకు చెందిన ఒక బిస్కెట్ తయారీ సంస్థకూ మధ్య నడిచిన కేసు. పార్లే బిస్కెట్ పొట్లం మీద ఒక పల్లె ఇంటి ఆవరణ, మధ్యలో నీళ్ల బిందె మోస్తున్న అమ్మాయి, చుట్టూ ఆవులు, కోళ్లు ఉండేవి. రెండో కంపెనీ పొట్లం మీదా ఒక అమ్మాయే, కాకపోతే నెత్తిన గడ్డిమోపు, చేతిలో కొడవలి. ఆవులు, కోళ్లు అక్కడా ఉన్నాయి. కింది కోర్టులు ఈ తేడాలను లెక్కపెట్టి, పోలిక లేదన్నాయి. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. రెండు పొట్లాలనూ పక్కపక్కన పెట్టి తేడాలు వెతకడం సరైన పద్ధతి కాదంది. పరిమాణం, రంగుల అమరిక, మొత్తం రూపం దాదాపు ఒకటే కాబట్టి, ఒకదాన్ని ముందు చూసినవాడు తర్వాత రెండోదాన్ని చేతికిస్తే అదే అనుకుని తీసుకుంటాడని తేల్చింది. మామూలు కొనుగోలుదారు డిటెక్టివ్ కాడు కదా అని కూడా వ్యాఖ్యానించింది.

అమ్మాయి, ఆవు, కోడి, పెంకుటిల్లు. వీటిలో ఏ ఒక్కటీ ఎవరి సొత్తూ కాదు. కానీ అవి ఒకే వరుసలో, ఒకే రంగుల్లో, ఒకే చోట చేరితే ఆ కూర్పు ఒకరిదవుతుంది. కాబట్టి నమూనాను రెండు విధాలుగా చూడాల్సిందే. ఉమ్మడి భాగాలను తీసేసి, మిగిలినదేమిటో చూడాలి. అది సాధారణతకు పరీక్ష. ఏదీ తీసేయకుండా, మొత్తంగా, జ్ఞాపకంలోంచి చూడాలి. అది పోలికకు పరీక్ష. ఒకదానికి బదులు రెండోది చేస్తే తప్పుడు జవాబే వస్తుంది. "మాది అందరూ వాడే కుండే కదా, మమ్మల్ని ఎవరేమంటారు" అనేవారు మొదటి పరీక్షతో రెండో ప్రశ్నకు జవాబు చెబుతున్నారు. "ఇలాంటి కుండ బొమ్మ ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో ఒక్కటీ లేదు, కాబట్టి మాది కొత్తది" అనేవారు అదే పొరపాటును తిరగేసి చేస్తున్నారు.

పరీక్షకు ముందు సరుకు పోగేయాలి. రావులపాలెం నుంచి ఆత్రేయపురం దాకా ఒకసారి నిదానంగా వెళ్లి, పూతరేకుల దుకాణాల బోర్డులు, పెట్టెలు, సంచులు ఫొటో తీసుకోవాలి. రాజమహేంద్రవరం బస్టాండు, రైల్వే స్టేషను దగ్గరి దుకాణాల్లో అరల మీద ఏమేమి ఉన్నాయో చూడాలి. పార్సిల్ వ్యాపారం కాబట్టి ఫోనులో "పూతరేకులు" అని వెతికితే ఏయే పెట్టెలు ముందు కనిపిస్తాయో అవీ చేర్చాలి. ఒక్క పూతరేకులతో ఆగకూడదు. తాపేశ్వరం మడతకాజా, కాకినాడ కాజా, పాలకొల్లు వైపు మిఠాయి దుకాణాలు, ఇవన్నీ ఒకే కొనుగోలుదారు ముందుకు ఒకే అరలో వస్తాయి. సరుకులను తరగతులుగా విడదీసే ట్రేడ్‌మార్కు లెక్కలో కూడా ఇవన్నీ 30వ తరగతిలోకే వస్తాయి.

ఆ తర్వాత రిజిస్ట్రీ. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. పేరుతో వెతకడం అందరికీ తెలుసు. బొమ్మలతో వెతకడానికి వియన్నా కోడ్ అనే అంతర్జాతీయ వర్గీకరణ ఉంది. బొమ్మలో ఏముందో దాన్నిబట్టి అంకెలు ఇస్తారు. సూర్యుడు 1.3, చెట్లూ పొదలూ 5.1, గింజలూ పండ్లూ 5.7, నీటి మీద నడిచే వాహనాలు 18.3 కిందకు వస్తాయి. ఒకే బొమ్మకు రెండు మూడు కోడ్‌లు ఉండవచ్చు. కొబ్బరిచెట్టున్న నది బొమ్మను ఒక అధికారి చెట్టు కింద వేస్తే, ఇంకొకరు ప్రకృతి దృశ్యం కింద వేసి ఉండవచ్చు. అందుకే రెండు చోట్లా చూడాలి. కనిపించిన ప్రతి గుర్తు పక్కనా దాని స్థితి రాసుకోవాలి. నమోదైందా, అభ్యంతరంలో ఉందా, వదిలేశారా అన్నదాన్నిబట్టి దానికివ్వాల్సిన విలువ మారుతుంది.

ఇక్కడే చాలామంది తొందరపడి ఆగిపోతారు. రిజిస్ట్రీలో ఏమీ దొరకలేదంటే దారి ఖాళీగా ఉందని అర్థం కాదు. ముప్పై, నలభై ఏళ్లుగా ఒకే గుర్తుతో అమ్ముతూ, ఒక్కసారి కూడా దరఖాస్తు చేయని దుకాణాలు గోదావరి జిల్లాల్లో ఎన్నో ఉంటాయి. మన చట్టం వారిని వదిలేయలేదు. 34వ సెక్షన్ ప్రకారం ముందునుంచీ వాడుతున్నవారి వాడకాన్ని తర్వాత నమోదు చేయించుకున్నవారు ఆపలేరు. పైగా, నమోదు లేకపోయినా, తమ పేరు ప్రతిష్ఠలను వాడుకుని సరుకు చెలామణీ చేస్తున్నారని వారే మీ మీద దావా వేయవచ్చు. కంప్యూటరు ముందు కూర్చుని చేసే వెతుకులాటకు ఎంత విలువ ఉందో, రోడ్డు మీద ఫొటోలకూ అంతే విలువ ఉంది. చిన్న ఊళ్ల వ్యాపారాల విషయంలో ఇంకాస్త ఎక్కువే ఉంటుందని నా అభిప్రాయం.

పోగేసిన గుర్తులన్నిటినీ ఒకే పరిమాణంలో, నలుపు తెలుపుల్లో, ఒకే కాగితం మీద అచ్చు తీయాలి. పేర్లు చెరిపేయాలి. మన మూడు నమూనాలనూ అదే కాగితం మీద, వాటి మధ్యలో ఎక్కడో ఒక మూల పెట్టాలి. నలుపు తెలుపు ఎందుకంటే రంగు మనల్ని మోసం చేస్తుంది. మన గుర్తులో పచ్చ, పక్క దుకాణం గుర్తులో ఎరుపు కనిపించగానే రెండూ వేరని మెదడు తేల్చేస్తుంది. చట్టం కూడా ఆ తేడాను అంత తేలిగ్గా ఒప్పుకోదు. రంగుల పరిమితి లేకుండా నమోదైన గుర్తు అన్ని రంగుల్లోనూ నమోదైనట్టే లెక్క అని 10వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి పక్కవారి కుండ ఎర్రది, మాది ఆకుపచ్చది అన్న వాదన నిలబడకపోవచ్చు.

ఈ కాగితం ముందు పెట్టుకుని మొదటి నమూనాను చూడండి. కొబ్బరిచెట్టు, సూర్యుడు, అలలు. వీటిలో ప్రతిదీ ఆ కాగితం మీద ఇంకా చాలా చోట్ల ఉంటుంది. సాధారణతను తేల్చడానికి నేను నమ్మే పరీక్ష పేరు మార్చడం. గుర్తు కింద మన పేరు తీసేసి పక్క దుకాణం పేరు రాయండి. ఏదైనా ఇబ్బందిగా అనిపించిందా? అనిపించకపోతే ఆ గుర్తు మనది కాదు. ఆ తర్వాత సరుకు మార్చండి. అదే గుర్తు కింద కొబ్బరినూనె అని రాయండి, రొయ్యల మేత అని రాయండి, రిసార్టు అని రాయండి, ఇళ్ల స్థలాలు అని రాయండి. కొబ్బరిచెట్టూ సూర్యుడూ అలలూ ఉన్న గుండ్రని గుర్తు వీటన్నిటికీ సరిగ్గా సరిపోతుంది. అది ఒక ప్రాంతాన్ని చెబుతోంది, ఒక వ్యాపారాన్ని చెప్పడం లేదు. ఉమ్మడి భాగాలు తీసేస్తే మిగిలేది గుండ్రని గీత ఒక్కటే.

ఇలాంటి నమూనాను కాపాడుకోవడానికి డిజైనర్లు చేసే పని అందులో ఇంకొకటి చేర్చడం. ఒక పడవ, గోదావరి వంతెన, ఒక కొంగ. చేర్చిన ప్రతిదీ మళ్లీ ఉమ్మడి వస్తువే కాబట్టి గుర్తు బరువెక్కుతుంది తప్ప ప్రత్యేకం కాదు. పెట్టె మూతమీద బొటనవేలి గోరంత పరిమాణంలో వేసినప్పుడు ఆ వంతెన ఒక మరకలా కనిపిస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ కొబ్బరిచెట్టు ఏదో బొమ్మల నిల్వ నుంచి కొన్నదైతే, అదే చెట్టును, అదే వంపుతో, అవే ఆకులతో ఇంకెవరికైనా అమ్మే ఉంటారు. తెచ్చిన బొమ్మను ఇంటర్నెట్‌లో బొమ్మతోనే వెతికి చూస్తే ఇది నిమిషాల్లో తేలిపోతుంది. అలా దొరికిందంటే సాధారణతా పోలికా రెండూ ఒకేచోట కలిసినట్టే. మొదటి నమూనాను గుర్తుగా వదిలేయాలి. పెట్టె పక్కల అలంకారంగా కావాలంటే ఉంచుకోవచ్చు, అక్కడ దానికి మంచి పని ఉంది.

రెండో నమూనా కష్టమైనది, ఎందుకంటే అది నిజాయితీగా పుట్టింది. పూతరేకు తయారీ చూసినవారెవరైనా ముందు గీసేది అదే. ప్రత్యేకంగా చేయించిన కుండను బోర్లించి కింద మంట పెట్టడం, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో తడిపిన గుడ్డను దాని మీదుగా ఒక్క లాగు లాగడం, క్షణంలో కాగితంలాంటి రేకు లేచి రావడం. ఇంత అందమైన పని చేతికి దొరికాక వేరే బొమ్మ ఎందుకు గీస్తారు? కానీ దాన్ని చూసిన ప్రతి దుకాణదారుడికీ అదే తోస్తుంది. అది తయారీ విధానాన్ని చెప్పే బొమ్మ. మిఠాయి ఏమిటో చెబుతుంది, చేసిందెవరో చెప్పదు. "ఆత్రేయపురం పూతరేకులు" అన్న మాటల సంగతీ అంతే. 2023లో దానికి భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు అక్కడి తయారీదారులందరి ఉమ్మడి ఆస్తి. దాన్ని పెట్టె మీద రాసుకోవడానికి ఉండే నియమాలు వేరు, దాన్ని సొంత ట్రేడ్‌మార్కుగా మార్చుకోవడం మాత్రం కుదరదు. కాబట్టి నమూనాను తూచేటప్పుడు ఆ రెండు మాటలనూ చేతితో మూసి, మిగిలినదాన్నే చూడాలి.

"అంత పెద్ద దుకాణంవాళ్లదీ కుండ గుర్తే కదా, వాళ్లకు చెల్లింది మాకెందుకు చెల్లదు?" అని ఇంట్లో పెద్దాయన తప్పకుండా అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 9వ సెక్షన్‌లోనే దానికి జవాబు ఉంది. స్వతహాగా ప్రత్యేకత లేని గుర్తు కూడా, దరఖాస్తు నాటికే వాడకం వల్ల జనంలో ఒకరిదిగా గుర్తింపు తెచ్చుకుని ఉంటే దాన్ని తిరస్కరించకూడదు. ఏళ్ల తరబడి అమ్మి, ప్రకటనలు ఇచ్చి, పెళ్లిళ్లకు పంపి, ఆ కుండను తమదిగా చేసుకున్నవారికి ఉన్న బలం ఈరోజు మొదలుపెట్టేవారికి ఉండదు. పాత దుకాణం గుర్తు సాదాగా ఉన్నా పని చేస్తోందని దాన్ని ఆదర్శంగా తీసుకోవడం కొత్తవారు చేసే పొరపాట్లలో ముఖ్యమైనది. ఆ గుర్తుకు పని చేసిపెట్టింది గీత కాదు, కాలం.

ఇప్పుడు అదే నమూనాను పోలిక వైపు నుంచి చూద్దాం. మన కాగితం మీద ఒక పేరున్న దుకాణం గుర్తు ఇలా ఉందనుకోండి. ఎర్రటి గుండ్రని చట్రం, లోపల ఎడమవైపు తిరిగి కూర్చున్న స్త్రీ, ముందు కుండ, పైన విల్లులా వంగిన పేరు. మన డిజైనర్ నమూనాలో కూడా గుండ్రని చట్రమే, స్త్రీ కుడివైపు తిరిగింది, చీర అంచు వేరు, జడకు బదులు ముడి ఉంది. పక్కపక్కన పెడితే అరడజను తేడాలు చెప్పవచ్చు. పార్లే కేసులో బిందెకూ గడ్డిమోపుకూ ఉన్న తేడా ఇలాంటిదే. కుండ ఉమ్మడి, స్త్రీ ఉమ్మడి, చట్రం ఉమ్మడి, కానీ మూడింటి కూర్పు ఒకటే. ఇక్కడ జడ విప్పి ముడి వేసినందువల్ల ఒరిగేదేమీ లేదు.

దీన్ని పట్టుకోవడానికి పరీక్ష జ్ఞాపకంతో చేయాలి. 1962లో 'అమృతధార', 'లక్ష్మణధార' పేర్ల వివాదంలో సుప్రీంకోర్టు చెప్పిన కొలత ఇప్పటికీ వాడుకలో ఉంది. సగటు తెలివీ, అస్పష్టమైన జ్ఞాపకమూ ఉన్న మనిషికి ఎలా తోస్తుందో అలాగే చూడాలి. అందుకే డిజైన్‌తో సంబంధం లేని కొందరిని ఎంచుకుని, పోటీదారుడి గుర్తును కొన్ని సెకన్లు ఫోనులో చూపించి, మరుసటి రోజు మన నమూనాను ఒక్కదాన్నే చూపించండి. "ఇది ఎవరిది?" అని అడగండి. "ఈ రెండూ ఒకేలా ఉన్నాయా?" అని అడగకూడదు. అలా అడిగితే మనిషి తేడాలు వెతకడం మొదలుపెడతాడు. నిన్న చూసినదే అని ఒకరిద్దరు అన్నా నమూనాను ఆపి ఆలోచించాలి.

ఇంకొక ప్రశ్న దీనికంటే పదునైనది. ఈ గుర్తును మాటల్లో ఎలా అడుగుతారు? మన దగ్గర సరుకును గుర్తుతో అడగడం పాత అలవాటు. ఫలానా జంతువు మార్కు నూనె, ఫలానా పువ్వు మార్కు పసుపు అని పిల్లవాడికి చెప్పి దుకాణానికి పంపుతారు. రెండు పడవలను ఎంత వేరుగా గీసినా, ఒకటి తెరచాప ఎత్తినదీ ఇంకొకటి తెడ్డుతో నడిచేదీ అయినా, దుకాణంలో రెండూ "పడవ మార్కు"లే. గీత కలవకపోయినా ఆలోచన కలిస్తే పోలిక పోలికే. పదిమంది చేత మన నమూనాకు రెండు మాటల్లో పేరు పెట్టించి, పోటీదారుల గుర్తులకూ అలాగే పెట్టించి, పక్కపక్కన రాసుకోవాలి. రెండో నమూనాకు అందరూ "కుండ మార్కు" అంటారు. ఆ పేరు అప్పటికే ఇంకొకరిది. నిర్ణయం అక్కడే అయిపోయింది.

మూడో నమూనాకు వద్దాం. చుట్టిన పూతరేకు చివర కనిపించే పొరలు. పేరు మార్పు పరీక్షలో ఇది బాగా నిలబడుతుంది. ఇళ్ల స్థలాలకు సరిపోదు, రొయ్యల మేతకు సరిపోదు. పూతరేకుల దుకాణాల బోర్డుల్లో ఇలాంటిది కనిపించదనుకుందాం. సాధారణత పరీక్ష దాటింది కాబట్టి అందరికీ ఉత్సాహం వస్తుంది. పేరు పెట్టే పరీక్షలో మాత్రం ఊహించని జవాబు వస్తుంది. చూసినవారిలో చాలామంది "కాజా" అంటారు. అవును మరి, పొరలు చుట్టి కోసిన మడతకాజా పక్కనుంచి చూస్తే సుడే కదా. పూతరేకుల వరుస దాటి మిఠాయిలన్నిటినీ కాగితం మీదకు తెచ్చుకోమన్నది ఇందుకే. తాపేశ్వరం ఇక్కడికి దూరమేమీ కాదు, కొనేవాడు ఒకే సంచిలో రెండూ వేసుకుంటాడు. అక్కడి ఏదైనా కాజా దుకాణానికి సుడి గుర్తు ఉంటే మనం ఆ ఆలోచనలోకి నేరుగా నడిచి వెళ్లినట్టే. లేకపోయినా నష్టమే. మన గుర్తు పక్కవారి మిఠాయిని గుర్తుచేస్తోంది.

అయితే మొదటి రెండింటిలాగా దీన్ని పారేయనక్కర్లేదు. ఇక్కడ లోపం ఆలోచన మూలంలో లేదు, ఎంచుకున్న రూపంలో ఉంది. కాజాలో లేనిదీ పూతరేకులో ఉన్నదీ ఏమిటని అడిగితే జవాబు వెంటనే దొరుకుతుంది. పలచన. రేకు వెనుక పెట్టిన వేలు కనిపిస్తుంది. ఒక రేకు మీద ఇంకొకటి వాలినచోట కాస్త చిక్కబడుతుంది. ఆ గుణాన్నే గుర్తుగా గీయవచ్చు. రెండు పలుచని పలకలు కొంచెం వాలుగా ఒకదానిమీదొకటి, కలిసినచోట చిక్కదనం. సుడి పోయింది, కాజా పోయింది. కుండా స్త్రీ ఎప్పుడో పోయారు. పేరు అడిగితే ఇప్పుడు "రేకులు" అనో "రెండు కాగితాలు" అనో అంటారు. కాగితాలు అన్నా బాధ లేదు, మిఠాయి అరలో ఆ మాటతో పిలిచే గుర్తు ఇంకొకటి లేదు కాబట్టి.

రెండు పలకలు ఒకదానిమీదొకటి పడే రూపం వేరే రంగాల్లో, ముఖ్యంగా అచ్చు సంస్థల, సాఫ్ట్‌వేర్ కంపెనీల గుర్తుల్లో కనిపించవచ్చు. సరుకు వేరు, కొనేవారు వేరు అయినప్పుడు అది సాధారణంగా అడ్డంకి కాదు. దేశమంతటా పేరు మోసిన గుర్తుతో కలిస్తే మాత్రం సరుకు వేరైనా 11వ సెక్షన్ కింద చిక్కు రావచ్చు. అందుకే 30వ తరగతి బయట కూడా పైపైన ఒకసారి చూడటం మంచిది. ఇంకొక ఇబ్బంది అచ్చుది. పలచనను చూపడానికి లేత రంగు, చిక్కని రంగు కావాలి. అట్టపెట్టె మీద ఒకే రంగు అచ్చులో ఆ లేతదనం నిలవదు, రెండు పలకలూ కలిసి ఒక ముద్దగా మారతాయి. కలిసినచోట సన్నని అడ్డగీతలు వేస్తే ఒక్క రంగులోనూ చిక్కదనం తెలుస్తుంది. ఆ అడ్డగీతలే చివరకు గుర్తులో అందరికీ గుర్తుండే భాగం కావచ్చు.

అక్షరాల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే గుర్తు పక్కనే పేరు ఉంటుంది. రామభద్ర, మండలి, ఎన్టీఆర్ లాంటి ఉచిత తెలుగు ఫాంట్లు బోర్డులు రాసే ప్రతివారి దగ్గరా ఉన్నాయి. బొమ్మను ఎంత ప్రత్యేకంగా గీసినా పేరును అదే ఫాంటులో కొట్టి పక్కన పెడితే సగం పని మళ్లీ ఉమ్మడిలో కలిసిపోతుంది. నన్ను అడిగితే, డబ్బు తక్కువగా ఉన్న చిన్న వ్యాపారం బొమ్మ మానేసి, ఆ డబ్బుతో పేరును చేతితో రాయించుకోవడమే మేలు. తలకట్టు ఒక్కటీ ఒక వంపుతో, ఒత్తు ఒక్కటీ ఒక తీరుతో రాసినా చాలు. పేరే ప్రత్యేకమైనప్పుడు పక్కన బొమ్మ సాదాగా ఉన్నా నష్టం తక్కువ. పేరు కూడా ఊరిపేరూ మిఠాయి పేరూ కలిపినదే అయితే మాత్రం గుర్తు మీద భారమంతా పడుతుంది. అప్పుడు సాధారణమైన గుర్తును ఒప్పుకోకూడదు.

మన కుటుంబం మూడో నమూనాను సరిచేసుకుని ముందుకు వెళ్తుంది. దరఖాస్తుకు ముందు ట్రేడ్‌మార్కు న్యాయవాది చేత ఒకసారి వెతికించడం అవసరం, ముఖ్యంగా పేరు పెట్టే పరీక్షలో ఏ పోటీదారుడితోనైనా ఒక్కరిద్దరి జవాబు కలిసి ఉంటే. మనం చేసిన పరీక్షలు ఏ నమూనా పనికిరాదో చెబుతాయి, పనికివచ్చేదానికి పూచీ ఇవ్వవు. దరఖాస్తును నలుపు తెలుపుల్లో వేస్తే అన్ని రంగులకూ రక్షణ ఉంటుంది. బొమ్మనూ పేరునూ విడివిడిగా వేస్తే ఒకదానికి అభ్యంతరం వచ్చినా రెండోది ఆగదు. వ్యక్తులకూ చిన్న పరిశ్రమలకూ ఆన్‌లైన్‌లో రుసుము ఒక్కో తరగతికి రూ.4,500. పరిశీలన దాటిన గుర్తును ట్రేడ్‌మార్కుల జర్నల్‌లో ప్రచురిస్తారు. అప్పటినుంచి నాలుగు నెలలపాటు ఎవరైనా వ్యతిరేకత తెలపవచ్చు. ఆ గడువు దాటేదాకా వేల పెట్టెలు అచ్చు వేయించకుండా, సాదా పెట్టెల మీద గుర్తును స్టిక్కరుగా అంటించి సరుకు పంపుకోవచ్చు.